గాడిలో ఇమిడితే చాలదు, ఆ ముక్క పుట్టాలి

ఈ రెండు పెప్టైడ్‌లను పక్కపక్కన పెట్టి చూడండి.

```
gp100   209-217   ITDQVPFSV
MAGE-C2 336-344   ALKDVEERV
```

రెండింటిలోనూ తొమ్మిదేసి అమైనో ఆమ్లాలు. రెండూ మెలనోమా కణాల్లో దొరికే ప్రోటీన్లలోని భాగాలు. రెండూ కూర్చునేది, కణం మీద పెప్టైడ్‌లను టీ కణాలకు చూపించే ఒకే ఎంహెచ్‌సీ అణువులో, హెచ్‌ఎల్‌ఏ-ఏ2 గాడిలో. రెండింటి చివరా వేలీన్ (V) ఉంది. గాడికి ఎంత గట్టిగా అతుక్కుంటాయన్న ఒక్క ప్రశ్నే అడిగితే వీటిని ఒకే సంచిలో వేయవచ్చు. కానీ కణం లోపల వీటి తలరాతలు పూర్తిగా ఎదురెదురు. కణంలో ప్రోటీన్లను ముక్కలుగా కోసే యంత్రం ప్రోటియాసోమ్. దాని మామూలు రూపం ఉన్న కణం మొదటి పెప్టైడ్‌ను బాగా చూపిస్తుంది, రెండోదాన్ని నాశనం చేస్తుంది. దాని మారు రూపమైన ఇమ్యునోప్రోటియాసోమ్ ఉన్న కణం సరిగ్గా దీనికి తలకిందులుగా నడుస్తుంది. 2006లో బ్రసెల్స్‌లోని లుడ్విగ్ సంస్థ పరిశోధకులు ఇందుకు కారణాన్ని విడమరిచి చూపారు. వాళ్ళు చూపిన ఆ కారణం చుట్టూనే ఈ వ్యాసమంతా తిరుగుతుంది.

నా వాదన ఇది. క్యాన్సర్ టీకా కోసమైనా, టీ కణ చికిత్స కోసమైనా పెప్టైడ్‌లు ఎంచుకునేటప్పుడు చాలామంది అతుకుబలం ప్రకారం జాబితాను పేర్చి పై పది వరుసలు తీసుకుంటారు. అది సగం ప్రశ్న మాత్రమే. ఆ పెప్టైడ్‌ను కోసే కత్తి ఏది, అది ఏ కణంలో ఉంది అన్నది మిగతా సగం. ఈ రెండో సగాన్ని అడగకుండా వదిలేస్తే, ప్రయోగశాలలో చక్కగా పనిచేసే టీ కణాలు కణితిని మాత్రం పట్టించుకోకుండా పోయే పరిస్థితి వస్తుంది.

ముందు గాడి సంగతి చూద్దాం. ఒకటో తరగతి ఎంహెచ్‌సీ అణువు పైభాగంలో ఉండే గాడికి రెండు వైపులా మూతలున్నట్టే లెక్క. అందుకే అందులో పట్టే పెప్టైడ్ ఎనిమిది నుంచి పది అమైనో ఆమ్లాల పొడవుంటుంది, ఎక్కువగా తొమ్మిది. పెప్టైడ్ రెండు కొసలనూ గాడి చివర్లలోని జేబులు పట్టుకుంటాయి. ఇకపై ఎన్-కొసను తల అనీ, సీ-కొసను తోక అనీ అంటాను. ఈ కథలో ఆ రెండు కొసల భవితవ్యం వేరువేరు కాబట్టి పేర్లు తేలిగ్గా ఉంటే మంచిది. హెచ్‌ఎల్‌ఏ-ఏ2కి రెండో స్థానంలో లూసీన్ గానీ మెథియొనీన్ గానీ, తోకలో వేలీన్ గానీ లూసీన్ గానీ ఉంటే నచ్చుతుంది. ఈ రెండూ గాడి అడుగుకు దిగి కొక్కేల్లా తగులుకుంటాయి. మధ్యలో ఉన్న నాలుగైదు అమైనో ఆమ్లాలు పైకి ఉబ్బి ఉంటాయి. టీ కణ గ్రాహకం ప్రధానంగా తడిమి చూసేది ఆ ఉబ్బునే.

దీన్నిబట్టి ఒక విషయం తేలుతుంది. తోక సరిగ్గా అదే చోట తెగి ఉండాలి. ఒక్క అమైనో ఆమ్లం అటూ ఇటూ అయినా కొక్కెం జేబులో పడదు. మరి ఆ తోకను కోసేదెవరు?

ప్రోటియాసోమ్ ఒక్కటే అని దాదాపుగా చెప్పవచ్చు. కణరసంలో పెప్టైడ్‌లను తలవైపు నుంచి ఒక్కొక్క అమైనో ఆమ్లం చొప్పున కొరికే ఎంజైములు చాలానే ఉన్నాయి. మధ్యలో కోసేవీ కొన్ని ఉన్నాయి. కానీ తోకవైపు నుంచి కొరికే పని అక్కడ లెక్కలోకి తీసుకునేంతగా జరగదు. తర్వాత ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలోకి చేరాక ఎరాప్1, ఎరాప్2 అనే ఎంజైములు చెక్కేది కూడా తలనే. అంటే తల కొంచెం పొడుగ్గా పుట్టినా దిద్దుకునే అవకాశం ఉంది. తోకకు ఆ అవకాశం లేదు. ప్రోటియాసోమ్ ఎక్కడ కోస్తే అదే తోక.

ఇక ఆ కత్తి ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. ప్రోటియాసోమ్ గర్భభాగం ఒక పీపా. ఏడేసి ఉపభాగాలున్న నాలుగు వలయాలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి, మొత్తం 28. బయటి రెండు ఆల్ఫా వలయాలు, లోపలి రెండు బీటా వలయాలు. కోసే పని బీటా వలయాల్లో మూడు ఉపభాగాలకే ఉంటుంది. బీటా1కు ఆమ్ల గుణమున్న అమైనో ఆమ్లాల తర్వాత, అంటే D, E తర్వాత కోయడం ఇష్టం. బీటా2 క్షార గుణమున్న K, R తర్వాత కోస్తుంది. బీటా5 నీటికి ఒదగని పెద్ద అమైనో ఆమ్లాల తర్వాత, అంటే L, F, Y లాంటి వాటి తర్వాత కోస్తుంది. ఇవి నిక్కచ్చి నియమాలు కావు, మొగ్గులు మాత్రమే. పక్కనున్న అమైనో ఆమ్లాలనుబట్టి కోత బలం మారుతుంది. అందుకే వరుసను చూసి ఎక్కడ తెగుతుందో చెప్పడం అంత తేలిక కాదు.

టీ కణాలు వదిలే సంకేత ప్రోటీన్ ఇంటర్ఫెరాన్ గామా కణానికి అందితే ఈ మూడింటికీ బదులుగా బీటా1ఐ, బీటా2ఐ, బీటా5ఐ తయారవుతాయి. కొత్తగా కట్టే పీపాల్లో పాతవాటి స్థానంలో ఇవి చేరతాయి. దీన్నే ఇమ్యునోప్రోటియాసోమ్ అంటున్నాం. బీటా1ఐలో కోత జేబు స్వభావమే మారిపోతుంది. ఆమ్ల అమైనో ఆమ్లాలను ఆకర్షించే ధనావేశం అక్కడ ఉండదు. ఫలితంగా D, E తర్వాత కోయడం బాగా తగ్గుతుంది, నీటికి ఒదగని అమైనో ఆమ్లాల తర్వాత కోయడం పెరుగుతుంది. ఎంహెచ్‌సీ గాడులకు తోకలో కావలసినవి ఎక్కువగా నీటికి ఒదగనివో, క్షార గుణమున్నవో. D తోక, E తోక పెద్దగా పనికిరావు. కాబట్టి ఈ మార్పు గాడులకు సరిపడే తోకలను పెంచేందుకే వచ్చిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మొత్తం మీద అది నిజమే. బీటా1ఐ, బీటా5ఐ జన్యువులు, పెప్టైడ్‌లను రవాణా చేసే టాప్ జన్యువుల పక్కనే, ఎంహెచ్‌సీ ప్రాంతంలోనే ఉండడం కూడా అందుకు తగ్గట్టే ఉంది.

కానీ సగటు వేరు, ఒక్కొక్క పెప్టైడ్ వేరు. ఇక్కడే మన రెండు పెప్టైడ్‌లు కథను మలుపు తిప్పుతాయి.

జీపీ100 ముక్కలో తోక V. అది తెగాలంటే V తర్వాత, అంటే 217 తర్వాత కోత పడాలి. నీటికి ఒదగని అమైనో ఆమ్లం కాబట్టి ఇమ్యునోప్రోటియాసోమ్ ఇంకా బాగా కోస్తుందనీ, పెప్టైడ్ ఎక్కువగా పుడుతుందనీ అనుకోవడం సహజం. అయితే అదే గుణమున్న అమైనో ఆమ్లాలు ముక్క లోపల కూడా ఉన్నాయి. ఇమ్యునోప్రోటియాసోమ్ లోపలున్న అలాంటి ఒకదాని తర్వాత కూడా గట్టిగా కోసేస్తుంది. తోక సరిగ్గానే తెగినా నడుము విరిగిపోతుంది. మామూలు ప్రోటియాసోమ్ ఆ లోపలి కోతను అంత ఉత్సాహంగా వేయదు, అందుకని ముక్క బతుకుతుంది.

దీన్ని ఒక ఊహా లెక్కతో చూస్తే స్పష్టంగా ఉంటుంది. ఈ అంకెలు కొలిచినవి కావు, తర్కం అర్థం కావడానికి మాత్రమే. మామూలు ప్రోటియాసోమ్ నూరింట 50 సార్లు తోకను సరిగ్గా కోస్తుంది అనుకుందాం, నడుము మీద నూరింట 20 సార్లు వేటు వేస్తుంది అనుకుందాం. అప్పుడు 0.50 × 0.80 చొప్పున నూటికి 40 పెప్టైడ్‌లు నిలుస్తాయి. ఇమ్యునోప్రోటియాసోమ్ తోకను నూరింట 60 సార్లు కోస్తుంది, కానీ నడుము మీద 90 సార్లు వేటు వేస్తుంది అనుకుందాం. అప్పుడు 0.60 × 0.10, అంటే నూటికి 6. తోక కోతలో మెరుగైన కత్తే చివరికి ఆరో వంతు కంటే తక్కువ సరుకు ఇచ్చింది. తోక కోత బలాన్ని మాత్రమే చూసే అంచనా పద్ధతి ఏదైనా ఇక్కడ బోల్తా పడుతుంది. లోపలి కోత కూడా అంతే బరువున్న లెక్క.

ఇప్పుడు మేజ్-సీ2 ముక్కను చదవండి: ALKDVEERV. నడుమంతా ఆమ్లాలే, నాలుగో చోట D, ఆరు, ఏడు చోట్ల E. మామూలు ప్రోటియాసోమ్‌లోని బీటా1కు ఇది వడ్డించిన విస్తరి. అది లోపలున్న ఆమ్ల అమైనో ఆమ్లం తర్వాత కోసి ముక్కను పాడుచేస్తుంది. బీటా1ఐ వచ్చాక ఆ వేటు తగ్గుతుంది, ముక్క నిలుస్తుంది. అంటే ఇమ్యునోప్రోటియాసోమ్ ఈ పెప్టైడ్‌ను ఎక్కువగా చేయడం వల్ల కాదు, తక్కువగా చంపడం వల్ల ఇది బయటికి వస్తోంది. ఈ తేడా మాటల గారడీ కాదు. తయారీ పెరిగిందా, విధ్వంసం తగ్గిందా అన్నదాన్నిబట్టి ఆ కణానికి ఏ నిరోధకం వేస్తే ఏమవుతుందో మారిపోతుంది.

ప్రోటియాసోమ్ దాటాక ఏం జరుగుతుందో క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. ప్రోటియాసోమ్ నుంచి వచ్చే ముక్కల్లో చాలావరకు ఎనిమిది అమైనో ఆమ్లాలకంటే పొట్టివి, అవి గాడికి పనికిరావు. సరైన పొడవున్నవి కొద్దిపాళ్ళే. అవి కూడా కణరసంలో ఎక్కువసేపు ఉండలేవు. అక్కడి ఎంజైములు సెకన్లలోనే చాలావాటిని నమిలేస్తాయి. తప్పించుకున్నవాటిని టాప్ అనే రవాణా ద్వారం ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలోకి పంపుతుంది. దానికి ఎనిమిది నుంచి పదహారు అమైనో ఆమ్లాల ముక్కలంటే ఇష్టం, తోక నీటికి ఒదగనిదో క్షార గుణమున్నదో అయి ఉండాలి. ఇక్కడ కూడా తోకను చూస్తుందన్నది గమనించండి. లోపల టపాసిన్ అనే ప్రోటీన్ సాయంతో ఖాళీ ఎంహెచ్‌సీ అణువులు ముక్కలను తీసుకుంటాయి, బలహీనమైన వాటిని వదిలేసి గట్టిగా కూర్చునేవాటికి చోటిస్తాయి. అక్కడి నుంచి కణ ఉపరితలానికి.

ఇక టీ కణం. ఒక కణం మీద లక్ష దాకా ఒకటో తరగతి అణువులుండవచ్చు. వాటిలో ఒకే పెప్టైడ్‌ను మోసేవి పదుల్లో ఉన్నా, చంపే టీ కణం దాన్ని పట్టుకోగలదు. మంచి టీ కణాలకు చేతివేళ్ళతో లెక్కపెట్టగలిగినన్ని చాలు. ఈ చురుకుదనం వల్ల ఒక విచిత్రం జరుగుతుంది. ప్రోటియాసోమ్ ఇచ్చే సరుకు బాగా తగ్గినా, సున్నా కాకపోతే, గట్టి టీ కణం ఇంకా స్పందించవచ్చు. బలహీనమైన టీ కణం మాత్రం వెంటనే మౌనం వహిస్తుంది. కాబట్టి ఈ పెప్టైడ్‌ను ఈ ప్రోటియాసోమ్ నాశనం చేస్తుంది అనే వాక్యాన్ని ఏ టీ కణంతో కొలిచారు అని అడగకుండా ఒప్పుకోకూడదు. ఉండటం, లేకపోవటం అన్న తేడా కాదిది. గీత ఎక్కడ గీశారన్న తేడా.

జీపీ100 పెప్టైడ్‌కు ఇంకో చరిత్ర ఉంది. రెండో స్థానంలో దానికున్నది T. అది హెచ్‌ఎల్‌ఏ-ఏ2కి అంత మంచి కొక్కెం కాదు. అందుకే పరిశోధకులు దాన్ని M గా మార్చి IMDQVPFSV తయారుచేశారు. 210వ స్థానంలో మార్పు కాబట్టి దాన్ని 210M అంటారు. అతుకు బాగా పెరిగింది, టీకాగా వాడారు. 2010లో వెలువడిన మూడో దశ పరీక్షలో ఇపిలిముమాబ్ అనే ప్రతిరక్షక మందుతో కలిపి, విడిగా కూడా ఇచ్చారు. ఆ టీకాలో ఇంకొక జీపీ100 పెప్టైడ్ కూడా ఉంది. ఇపిలిముమాబ్ ఒక్కటే ఇచ్చినవాళ్ళలో మధ్యస్థ జీవితకాలం 10.1 నెలలు, టీకాతో కలిపి ఇచ్చినవాళ్ళలో 10.0 నెలలు, టీకా ఒక్కటే ఇచ్చినవాళ్ళలో 6.4 నెలలు. టీకా అదనంగా ఏమీ కలపలేదు.

ఈ ఫలితానికి ప్రోటియాసోమ్ ఒక్కటే కారణమంటే తప్పు. అణచివేత, అలసిన టీ కణాలు, సహాయక టీ కణాలు లేకపోవడం, ఇలా చాలా ఉన్నాయి. కానీ అతుకు పెంచడమే మార్గమన్న ఆలోచనలోని రెండు లోటులు ఇక్కడ కనిపిస్తాయి. మొదటిది, మార్చిన పెప్టైడ్‌తో పుట్టిన టీ కణాల్లో కొన్ని మార్చినదాన్నే బాగా గుర్తుపట్టి, కణితి మీదున్న అసలుదాన్ని సరిగా పట్టుకోకపోవచ్చు. కొక్కెం మారితే పైన ఉబ్బు కూడా కాస్త మారవచ్చు. రెండోది, కణితి చూపించేది ఎప్పుడూ ITDQVPFSV నే. అది ఎంత పుడుతుందన్నది మార్చిన M చేతిలో లేదు, కణితిలోని ప్రోటియాసోమ్ చేతిలో ఉంది. పైగా టీ కణాలు కణితిలోకి వెళ్ళి ఇంటర్ఫెరాన్ గామా వదిలితే అక్కడి ప్రోటియాసోమ్ మారడం మొదలవుతుంది. తాము వెతికే పెప్టైడ్‌నే తగ్గించే పరిస్థితిని తామే తెచ్చుకునే అవకాశం ఉంది. మేజ్-సీ2కు అయితే ఇదే వరం. మొదటి టీ కణాలు వదిలిన ఇంటర్ఫెరాన్ తర్వాత వచ్చేవాటికి దారి తెరుస్తుంది.

ఇప్పుడు ప్రయోగశాలలో ఎక్కువగా జరిగే పొరపాటుకు వద్దాం. టీ2 అనే కణాలను పెప్టైడ్‌తో కలిపి టీ కణాలు స్పందిస్తాయా అని చూడటం రివాజు. టీ2లో టాప్ లేదు, బీటా1ఐ, బీటా5ఐ జన్యువులూ లేవు, ఆ ప్రాంతమంతా తెగిపోయి ఉంది. బయటి నుంచి పోసిన పెప్టైడ్ నేరుగా ఉపరితలంపై ఎంహెచ్‌సీలోకి వెళుతుంది. ఈ పరీక్ష అతుకు బాగుందా, టీ కణం దాన్ని గుర్తుపడుతుందా అన్న రెండు ప్రశ్నలకే జవాబిస్తుంది. కణం ఆ ముక్కను కోయగలదా అన్న ప్రశ్నను అడగకుండానే దాటేస్తుంది. ఇక్కడ మంచి సంకేతం వచ్చిందని కణితిని కూడా చంపుతుందనుకోవడం పెద్ద గెంతు. ఇంకో తప్పు కూడా ఉంది, పెప్టైడ్‌ను మైక్రోమోలార్ మోతాదులో మాత్రమే పరీక్షించడం. ఆ మోతాదులో నాసిరకం టీ కణాలూ స్పందిస్తాయి. కృత్రిమ పెప్టైడ్‌లో కలిసిన కొద్దిపాటి మలినం కూడా సంకేతం ఇవ్వవచ్చు. పది రెట్ల చొప్పున పలచన చేస్తూ నానోమోలార్ కిందిదాకా వెళ్ళి, సగం స్పందన ఎక్కడ వస్తుందో చూడాలి. మైక్రోమోలార్ దగ్గరే ఆగిపోయే టీ కణాలు, లోపల పుట్టే కొద్దిపాటి సరుకును చూడలేవని ముందే ఊహించవచ్చు.

మరి కోత ప్రశ్నను ఎలా అడగాలి? నాకు నచ్చే దారి ఇది. హెచ్‌ఎల్‌ఏ-ఏ2 ఉన్న, ఇమ్యునోప్రోటియాసోమ్ లేని ఒక కణరేఖను తీసుకోండి. అందులో సగానికి బీటా1ఐ, బీటా2ఐ, బీటా5ఐ మూడు జన్యువులూ ఎక్కించి నిలకడగా నిలపండి. రెండు కణరేఖలకూ ఒకే మోతాదులో పూర్తి ప్రోటీన్ జన్యువును ఇవ్వండి, పొట్టి ముక్కను కాదు. ఒకటి రెండు రోజుల తర్వాత టీ కణ క్లోన్‌ను కలిపి అది వదిలే ఇంటర్ఫెరాన్ గామాను గానీ టీఎన్ఎఫ్‌ను గానీ కొలవండి. రెండింటికీ విడిగా కృత్రిమ పెప్టైడ్ పోసిన నియంత్రణ ఉండాలి. ఆ నియంత్రణలో రెండూ సమానంగా స్పందిస్తేనే ఎంహెచ్‌సీ స్థాయి సమానమని తెలుస్తుంది. అప్పుడు జన్యువు ఇచ్చిన కణాల్లో కనిపించే తేడాను ప్రోటియాసోమ్‌కు అంటగట్టవచ్చు.

ఇంత శ్రమ ఎందుకు, మామూలు కణానికి ఇంటర్ఫెరాన్ గామా పోస్తే చాలదా అని అడగవచ్చు. చాలదు. ఇంటర్ఫెరాన్ గామా ఇమ్యునోప్రోటియాసోమ్‌ను మాత్రమే తేదు. ఎంహెచ్‌సీని పెంచుతుంది, టాప్‌ను పెంచుతుంది, ఎరాప్1ను పెంచుతుంది. స్పందన పెరిగితే కారణం అందులో ఏదో చెప్పలేం. తగ్గితే మాత్రం కొంత అర్థం ఉంటుంది, ఎందుకంటే మిగతావన్నీ పెరుగుతుండగా తగ్గిందంటే కోతలో ఏదో మారిందని గట్టిగా అనుమానించవచ్చు. ఇంకో చిక్కు కాలం. కొత్త ఉపభాగాలు కొత్తగా కట్టే పీపాల్లోనే చేరతాయి, పాత పీపాలు రోజుల తరబడి బతికి ఉంటాయి. ఒక్క రోజు ఇంటర్ఫెరాన్ పోసి ప్రోటియాసోమ్ మారిపోయిందనుకుంటే అది మిశ్రమం మీద చేసిన పరీక్షే. మూడు నాలుగు రోజులు ఇచ్చి, బీటా5ఐ స్థాయిని వెస్టర్న్ బ్లాట్‌లో చూసుకున్నాకే మొదలుపెట్టడం మంచిది. బీటా5 ఎంత మిగిలిందో కూడా అదే బ్లాట్‌లో చూడాలి. చేరినది ఒక్కటే చూసి పోయినదాన్ని చూడకపోతే సగం కథే తెలుస్తుంది.

ప్రోటియాసోమ్ నిరోధకాలతో చేసే పరీక్షకు ఒక మర్యాద ఉంది. ముందు కణ ఉపరితలంపై ఇప్పటికే ఉన్న పెప్టైడ్‌లను తుడిచేయాలి. పీహెచ్ సుమారు 3 ఉన్న సిట్రేట్-ఫాస్ఫేట్ ద్రావణంలో ఒకటి రెండు నిమిషాలు ఉంచి వెంటనే తటస్థం చేస్తే ఒకటో తరగతి అణువులు విడిపోయి ముక్కలు వదిలేస్తాయి. తర్వాత ఎపాక్సోమైసిన్ లాంటి నిరోధకం ఉన్న చోటా, లేని చోటా కొత్త ముక్కలు ఎలా తిరిగి వస్తాయో చూడాలి. తుడవకుండా నిరోధకం వేస్తే పాత ముక్కలే గంటల తరబడి సంకేతం ఇస్తూ నిరోధకం పనిచేయలేదని మభ్యపెడతాయి. ఇంకొకటి, నిరోధకం వేశాక స్పందన పెరిగితే కంగారు పడకండి, అది తప్పు కాకపోవచ్చు. కొంతమేరకే అణచినప్పుడు లోపలి వేటు తగ్గి, తోక కోత ఇంకా కొంత మిగిలి ఉంటే పెప్టైడ్ పెరగవచ్చు. మన జీపీ100 లాంటి ముక్కల విషయంలో విధ్వంసమే అసలు కారణమనడానికి అది ఒక ఆధారం కూడా అవుతుంది. బీటా5ఐని మాత్రమే ప్రధానంగా అణచే ఓఎన్ఎక్స్-0914 లాంటివి ఇక్కడ మంచి పనిముట్లు. కానీ మోతాదు పెరిగే కొద్దీ వాటి ఎంపిక గుణం పలచబడుతుంది, కాబట్టి ఒకే మోతాదు ఫలితం మీద కథ అల్లకూడదు.

పరీక్షనాళికలో శుద్ధిచేసిన ప్రోటియాసోమ్‌తో కోత చూడటం మూడో దారి. లక్ష్య ముక్కకు రెండు వైపులా సహజమైన పొరుగు అమైనో ఆమ్లాలను ఉంచి 20 నుంచి 30 పొడవున్న పెప్టైడ్ తయారుచేసి, 37 డిగ్రీల వద్ద రెండు రకాల ప్రోటియాసోమ్‌లతో విడివిడిగా ఉంచుతారు. సమయానుసారంగా నమూనాలు తీసి మాస్ స్పెక్ట్రోమీటర్‌తో ముక్కలు లెక్కపెడతారు. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు రాత్రంతా వదిలేయడం. పుట్టిన ముక్కలే మళ్ళీ పీపాలోకి వెళ్ళి ఇంకా ముక్కలవుతాయి. అప్పుడు విధ్వంసం ప్రోటియాసోమ్ గుణమో, ఎక్కువసేపు ఉంచడం వల్ల వచ్చిన ఫలమో తెలియదు. మొదటి పదార్థంలో సగం కూడా కరగకముందే తీసిన నమూనాలను నమ్మాలి. ఆ దశలో నడుము దగ్గర తెగిన ముక్కలు కనిపిస్తే అది నిజమైన లోపలి వేటు. అయినా ఇది పీపా ఒక్కటే చేసే పని. కణంలో మూత ఉన్న పూర్తి ప్రోటియాసోమ్, మడత విప్పాల్సిన పూర్తి ప్రోటీన్ ఉంటాయి. కణ పరీక్ష, నాళిక పరీక్ష ఒకే మాట చెబితేనే నేను నమ్ముతాను.

అతుకుబలాన్ని నమ్మేవాళ్ళ వాదనలో బలం లేదని అనను. ప్రోటీన్ నుంచి టీ కణం దాకా ఉన్న దారిలో అన్నిటికంటే ఇరుకైన ద్వారం అతుకే. ఒక ఎంహెచ్‌సీ అణువుకు, సరైన పొడవున్న పెప్టైడ్‌లలో సుమారు రెండు వందల్లో ఒకటే 500 నానోమోలార్ లోపు బలంతో కూర్చుంటుందని అంచనా. కోత, రవాణా కలిసి దాటనిచ్చేది మాత్రం సుమారు ఐదింట ఒకటి. ఒక్క జల్లెడే వాడాలంటే అతుకునే వాడాలి, అందులో సందేహం లేదు. కణాల నుంచి తీసిన అసలు పెప్టైడ్‌లతో నేర్పిన నెట్‌ఎంహెచ్‌సీపాన్ లాంటి అంచనా పద్ధతుల్లో తోక కోత ప్రభావం కూడా కొంత కలిసిపోయి ఉంటుంది. కానీ ఆ పెప్టైడ్‌లు ఏ కణాల నుంచి వచ్చాయి, వాటిలో ఏ ప్రోటియాసోమ్ ఉంది అన్నది ఆ అంకెలో కనిపించదు. కలగాపులగంగా నేర్చుకున్న సగటు అది. మన రెండు పెప్టైడ్‌ల లాంటివి సగటు దగ్గర నిలబడవు.

మరి టీకా విషయంలో ఇది ఎలా పనికొస్తుంది? టీ కణాలకు మొదటి పాఠం చెప్పేది డెండ్రైటిక్ కణం. పరిపక్వమైన డెండ్రైటిక్ కణాల్లో ప్రధానంగా ఉండేది ఇమ్యునోప్రోటియాసోమ్. చివరికి చంపవలసిన కణితి కణంలో తరచుగా మామూలు ప్రోటియాసోమ్ ఉంటుంది. గురువు చూపించే పుస్తకం ఒకటి, పరీక్షలో వచ్చే పుస్తకం ఇంకొకటి అయితే కష్టం కదా. పూర్తి ప్రోటీన్‌ను గానీ, ఎంఆర్‌ఎన్‌ఏను గానీ, పొడవైన పెప్టైడ్‌ను గానీ ఇస్తే డెండ్రైటిక్ కణం తన ప్రోటియాసోమ్‌తో కోసి చూపించాలి. జీపీ100 209–217 లాంటిదాన్ని అది సరిగా చూపించదు. అలాంటి పెప్టైడ్‌కు తయారుగా తెగిన పొట్టి ముక్క ఇవ్వడమే దారి, లేదా పొడవైన రూపం మీద ఆశ తగ్గించుకోవాలి. మేజ్-సీ2 336–344కు దీనికి వ్యతిరేకం. పూర్తి ప్రోటీన్ ఇచ్చినా డెండ్రైటిక్ కణం బాగా చూపిస్తుంది. అయితే కణితి వైపు ఇంటర్ఫెరాన్ అందకపోతే టీ కణాలకు అక్కడ చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. అందుకే జాబితాలో ప్రతి పెప్టైడ్ పక్కనా అతుకుబలంతో పాటు రెండు గడులు ఉండాలంటాను. డెండ్రైటిక్ కణం చూపిస్తుందా, కణితి కణం చూపిస్తుందా అని. రెండో గడి ఖాళీగా ఉంటే మొదటి గడి ఎంత బాగున్నా దాన్ని ముందుకు నెట్టకూడదు.

కణితిలో ఏ ప్రోటియాసోమ్ ఉందన్నది మాత్రం రెండు జవాబుల ప్రశ్న కాదు. మూడు ఉపభాగాలూ మారనివీ, మూడూ మారినవీ కాక మధ్యరకాలూ ఉన్నాయి. బీటా5ఐ ఒక్కటే చేరినవి, బీటా1ఐ, బీటా5ఐ రెండూ చేరినవి. 2010లో అదే బ్రసెల్స్ బృందం మనిషి కాలేయం, పెద్దపేగు, చిన్నపేగు, మూత్రపిండాల్లోని ప్రోటియాసోమ్‌లలో మూడో వంతు నుంచి సగం దాకా ఈ మధ్యరకాలేనని చూపింది. కణితి కణాల్లోనూ, డెండ్రైటిక్ కణాల్లోనూ కూడా ఇవి ఉన్నాయి. మేజ్-ఏ3లోని 271–279 పెప్టైడ్‌ను మామూలుదీ చేయదు, పూర్తి ఇమ్యునోప్రోటియాసోమూ చేయదు. మధ్యరకమే చేస్తుంది. పైన చెప్పిన రెండు కణరేఖల పరీక్షలో ఆ పెప్టైడ్‌ను పెడితే రెండు చోట్లా సున్నా వస్తుంది, పెప్టైడ్ పుట్టదని రాసుకుని పక్కన పెట్టేస్తాం. అందుకే కణరేఖలు రెండు కాదు, నాలుగు పెట్టుకోవాలి. మామూలుది, బీటా5ఐ ఒక్కటే ఉన్నది, బీటా1ఐ, బీటా5ఐ ఉన్నది, మూడూ ఉన్నది.